ఎక్కించిన ఐరన్ ఎటు పోయింది?

ప్రశ్న: మా నాయనకు 61 ఏళ్ళు, పత్తికొండ దగ్గర మా పల్లెలో సేద్యం చేస్తారు. జనవరిలో నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోందంటే కర్నూలులో రక్తపరీక్ష చేయించాను. హిమోగ్లోబిన్ 7.6, ఫెర్రిటిన్ 6 వచ్చాయి. సెలైన్‌లో కలిపి 200 మిల్లీగ్రాముల ఐరన్ సూదులు ఐదు ఇచ్చారు. మార్చిలో 10.8 కి పెరిగింది, మందులు ఆపేశాం. ఈ జులైలో మళ్ళీ 8.1 కి పడిపోయింది, ఫెర్రిటిన్ 7. బరువు 66 నుంచి 62 కిలోలకు తగ్గింది. ఎండోస్కోపీలో కొద్దిగా గ్యాస్ట్రైటిస్ ఉందన్నారు. మలపరీక్షలో రక్తం లేదన్నారు. కడుపు స్కానింగ్ కూడా బాగానే ఉంది. ఇప్పుడు డాక్టరుగారు కిందనుంచి గొట్టం పంపి పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ చేయాలంటున్నారు. నాయన ససేమిరా అంటున్నారు. ఏడాదికి ఒకటి రెండుసార్లు మొలల నుంచి రక్తం పడుతుంది, అదే కారణమంటారు. రెండేళ్ళుగా మోకాళ్ళ నొప్పికి రోజూ మాత్ర వేసుకుంటారు. అమ్మ తిండి చాలడం లేదంటుంది, "నీకూ రక్తం తక్కువే కదా, మన ఇంట్లో అందరికీ అంతే" అంటుంది. అన్న దీపావళి దాకా, చేలో వేరుశనగ పీకేదాకా ఆగుదామంటాడు. ఏమీ లేనిచోట రోగం వెతుకుతున్నావని అందరూ నన్నే అంటున్నారు. ఆయనను బలవంతం చేయాలా, ఇంకోసారి సూదులు వేయించి చూడాలా?

సమాధానం: అమ్మా, మీరు లేని రోగాన్ని వెతకడం లేదు. మీ దగ్గరున్న కాగితాల్లోనే ఒక లెక్క ఉంది. ముందుగా దాన్ని కలిసి వేద్దాం, ఎందుకంటే మీ ఇంట్లో ఒక్కొక్కరు చెబుతున్న కారణాల్లో ఏది నిలబడుతుందో ఏది నిలబడదో ఆ లెక్కే తేలుస్తుంది.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో నాన్నగారి ఒంట్లోకి ఐదు సూదుల ద్వారా 1000 మిల్లీగ్రాముల ఐరన్ నేరుగా రక్తంలోకి వెళ్ళింది. ఆయన బరువుకు ఒంట్లో సుమారు 4.3 లీటర్ల రక్తం ఉంటుంది. ఒక గ్రాము హిమోగ్లోబిన్ తయారు కావడానికి 3.4 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. జనవరిలో 7.6 ఉన్న హిమోగ్లోబిన్ జులైలో 8.1 ఉందంటే, ఆరు నెలల తర్వాత మిగిలిన లాభం డెసిలీటరుకు అర గ్రాము మాత్రమే. దాన్ని ఐరన్‌లోకి మారిస్తే 73 మిల్లీగ్రాములు అవుతుంది. మిగతాది ఒంట్లో నిల్వగా దాగి ఉందేమో అనుకుందామంటే, నిల్వను చూపించే ఫెర్రిటిన్ అప్పుడు 6, ఇప్పుడు 7, అంటే నిల్వ గది అప్పుడూ ఖాళీ, ఇప్పుడూ ఖాళీ. వెయ్యి లోపలికి వెళ్ళి డెబ్బై మూడు మిగిలింది. మిగతా 930 మిల్లీగ్రాములు ఒంట్లోంచి బయటికి పోయాయి.

ఐరన్ విషయంలో మనిషి శరీరానికి ఒక విచిత్రమైన స్వభావం ఉంది. ఉప్పునూ నీటినీ మూత్రపిండాలు బయటికి పంపినట్టు ఎక్కువైన ఐరన్‌ను పంపే దారి దానికి లేదు. చర్మం, పేగుల లోపొర రాలిపోవడంలో రోజుకు ఒక మిల్లీగ్రాము పోతుంది, అంతే. రోజుకు ఒకటి చొప్పున ఆరు నెలలకు 180 మిల్లీగ్రాములు. నాన్నగారు ఈ ఆరు నెలలూ ఐరన్ ఉన్న మెతుకు ఒక్కటి ముట్టుకోలేదని అనుకున్నా, తిన్నదేదీ పేగులు పీల్చుకోలేదని అనుకున్నా, తగ్గాల్సింది ఆ 180 మాత్రమే. ఎక్కించిన గ్రాము ఐరన్ ఆ వేగంతో కరిగిపోవడానికి మూడేళ్ళు దగ్గరగా పడుతుంది. అందుకే అమ్మగారు చెప్పే తిండి కారణం ఈ లెక్కలో ఇమడదు. ఆమె పెట్టే తిండిలో లోపం లేదని ఆమెతో స్పష్టంగా చెప్పండి, ఎందుకంటే ఇలాంటి ఇళ్ళలో తల్లులు ఆ నిందను తమమీద వేసుకుని లోలోపల కుమిలిపోవడం నేను చాలాసార్లు చూశాను. ఖర్జూరాలు, మేక కాలేయం, ఆకుకూరలు పెట్టడం మంచిదే, కానీ రోజుకు 5 మిల్లీగ్రాములు కారిపోతున్న ఒంటిని అవి నింపలేవు.

అంత ఐరన్ పోవాలంటే అది రక్తం రూపంలోనే పోవాలి. ఆయన హిమోగ్లోబిన్ ఉన్న స్థాయిలో ఒక మిల్లీలీటరు రక్తంలో సుమారు 0.3 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. 930 ని 180 రోజులకు పంచి, దాన్ని రక్తంగా మారిస్తే రోజుకు సుమారు 17 మిల్లీలీటర్లు, అంటే మూడు చిన్న చెంచాల రక్తం. ఇది ఉజ్జాయింపు లెక్కే, కొంచెం అటూ ఇటూ కావచ్చు, కానీ ఏ దిశగా చూపిస్తోందో అనుమానం లేదు. మగవాడికి, నెలసరి ఆగిన స్త్రీకి, ఇంత రక్తం కంటికి కనబడకుండా పోవడానికి సాధారణంగా ఉన్న దారి జీర్ణనాళమే. మూత్రంలో రక్తం పోతోందేమో ఒక మామూలు మూత్రపరీక్షతో తేలిపోతుంది, అది చేయించి ఉండకపోతే చేయించండి.

మీ హిమోగ్లోబిన్ తక్కువ కావడానికీ ఆయనది తక్కువ కావడానికీ పోలిక పెట్టవద్దు. నెలసరి వచ్చే వయసు స్త్రీకి ప్రతి నెలా ఐరన్ పోయే దారి ఒకటి ఉంది. ఆమెకు కడుపు లక్షణాలు లేకపోతే మొదట ఆ దారినే చూస్తాం. ఆయనకు ఆ దారి లేదు. ఒకే ఇంట్లో ఒకే తిండి తినే ఇద్దరికి ఒకే అంకె వచ్చినా, దాని వెనక అడగాల్సిన ప్రశ్న వేరు.

ఇక మొలల సంగతి. మొలల రక్తం మలంతో కలిసిపోదు. ఎర్రగా, తాజాగా, మలం పైపూతగా గానీ చివర్లో చుక్కలుగా గానీ పడుతుంది. చూసినవాడు మరిచిపోలేడు. మొలల వల్లే రోజుకు మూడు చెంచాల రక్తం పోతుంటే నాన్నగారు దాన్ని రోజూ చూస్తూ ఉండాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు పడే చుక్కలు ఆరు నెలల్లో గ్రాము ఐరన్‌ను ఖాళీ చేయలేవు. మొలలు నిజంగానే ఉండవచ్చు, ఆ వయసులో చాలామందికి ఉంటాయి. ప్రమాదం ఏమిటంటే, మనిషికి ఒక కారణం దొరికితే రెండోదాన్ని వెతకడం మానేస్తాడు.

పన్నెండేళ్ళ క్రితం ఆలూరు వైపు నుంచి ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చారు. కళ్ళ కింది రెప్ప లాగి చూస్తే కాగితంలా తెల్లగా ఉంది. ఏడాదిన్నరగా మూడుచోట్ల మొలలకు పూతమందులు, లేహ్యాలు వాడారు, మధ్యలో రెండుసార్లు రక్తం ఎక్కించుకున్నారు. చేతిసంచిలో ఐరన్ మాత్రల ఖాళీ అట్టలు దొంతరగా ఉన్నాయి, రబ్బరు బ్యాండు వేసి దాచుకున్నారు. ప్రతిసారీ మందు పనిచేసింది, ప్రతిసారీ హిమోగ్లోబిన్ పెరిగింది, అందుకే ఎవరూ ముందుకు వెళ్ళలేదు. కొలనోస్కోపీలో ఆయన పెద్దపేగు మొదట్లో, కుడివైపున, జామకాయంత కణితి కనిపించింది. ఆపరేషన్ చేయగలిగారు, కానీ అప్పటికే పక్క గ్రంథుల్లోకి పాకింది. ఆ రబ్బరు బ్యాండు వేసిన అట్టలు నాకు ఇప్పటికీ గుర్తొస్తాయి. ఐరన్ ఇస్తే హిమోగ్లోబిన్ పెరిగిందంటే ఐరన్ లోపం ఉందని మాత్రమే రుజువవుతుంది, అది ఎందుకు వచ్చిందో దానివల్ల తెలియదు.

కుడివైపు పెద్దపేగులో కణితి అంతకాలం ఎందుకు బయటపడదో మీకు తెలియాలి, ఎందుకంటే "నాకు కడుపులో నొప్పి లేదు, విరోచనం సాఫీగా ఉంది" అని నాన్నగారు తప్పక అంటారు. చిన్నపేగు వచ్చి పెద్దపేగులో కలిసేచోట గొట్టం బాగా వెడల్పు, లోపలి పదార్థం ఇంకా పలచగా జావలా ఉంటుంది. అక్కడ కండ పెరిగినా దారి మూసుకుపోదు. దానిమీంచి ఊరే రక్తం ఆ జావలో కలిసి, మీటరుకు పైగా ప్రయాణించి, నీళ్ళు ఇంకిపోయి మామూలు రంగు మలంగానే బయటికి వస్తుంది. ఎడమవైపు కణితి అయితే గొట్టం ఇరుకు కాబట్టి మలబద్ధకమో, కళ్ళకు కనిపించే రక్తమో ముందే హెచ్చరిస్తుంది. కుడివైపుది చాలాసార్లు ఆయాసం, నీరసం రూపంలోనే మొదట పలుకుతుంది. అంతా క్యాన్సరే అని నేను అనడం లేదు. ఐరన్ లోపంతో వచ్చిన మగవారిని, నెలసరి ఆగిన స్త్రీలను పైనుంచీ కిందనుంచీ గొట్టాలతో చూసినప్పుడు, పాశ్చాత్య దేశాల లెక్కల్లో, సుమారు పదిమందిలో ఒకరికి జీర్ణనాళంలో క్యాన్సర్ దొరుకుతుంది. మిగతావారిలో పుండ్లు, పాలిప్‌లు అనే చిన్న కండ బుడిపెలు, రక్తనాళాలు ఉబ్బిన చిన్న ఎర్రటి మచ్చలు, పేగు వాపులు ఉంటాయి, కొందరిలో ఏమీ దొరకదు. పదిలో తొమ్మిది పాళ్ళు క్యాన్సర్ కాదన్నది నాన్నగారికి చెప్పదగ్గ మాట. ఆ పదోవంతు కోసమే వెతకాలన్నది కూడా చెప్పాల్సిన మాటే.

మీరు ఇప్పటికే చేయించిన మూడు పరీక్షలు మిమ్మల్ని ఎంతవరకు నిశ్చింతగా ఉండనిస్తాయో చెబుతాను. మలపరీక్షలో రక్తం కనిపించకపోతే రక్తం పోవడం లేదని అర్థం కాదు. పేగు లోపల రక్తం రోజూ ఒకేలా ఊరదు, పరీక్షకు ఇచ్చిన చిన్న ముక్కలో ఆ రోజు లేకపోవచ్చు. ఆ పరీక్ష ఏ లోపమూ లేని ఆరోగ్యవంతుల గుంపులో ఎవరిని ముందు చూడాలో ఏరడానికి పనికొస్తుంది. ఐరన్ లోపం రుజువైన మనిషికి అది ముందుకు వెళ్ళాలా వద్దా అని తేల్చలేదు. కడుపు స్కానింగ్ కాలేయం, పిత్తాశయం, మూత్రపిండాలను చూస్తుంది, గాలితో నిండిన పేగు లోపొరను చూడలేదు. మన జిల్లాల్లో "స్కానింగ్ నార్మల్" అన్న కాగితం చూసి స్థిమితపడినవారు చాలామంది ఉన్నారు, అందుకే దీన్ని నొక్కి చెబుతున్నాను. ఎండోస్కోపీ అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు మొదటి భాగం వరకే వెళ్తుంది. అందులో కనిపించిన కొద్దిపాటి ఎరుపు రోజుకు మూడు చెంచాల రక్తం కార్చలేదు. పెద్ద పుండో, కణితో కనిపించి ఉంటే మాట వేరు. గ్యాస్ట్రైటిస్ అన్న మాట రాసిన కాగితం దగ్గర వెతుకులాట ఆగిపోవడం ఈ జబ్బులో జరిగే అతి మామూలు పొరపాటు. ఆ ఎండోస్కోపీలో హెలికోబాక్టర్ పైలోరి అనే జీర్ణాశయ బాక్టీరియాకు పరీక్ష చేశారో లేదో మాత్రం అడగండి. అది ఉంటే మందులతో వదిలించాలి, ఎందుకంటే జీర్ణాశయంలో ఐరన్ పీల్చుకోవడానికి కావలసిన ఆమ్లాన్ని అది తగ్గిస్తుంది.

మోకాళ్ళ మాత్రను నేను తేలిగ్గా తీసుకోను. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్ వంటివి రెండేళ్ళు రోజూ వేసుకుంటే జీర్ణాశయంలోనే కాదు, ఎండోస్కోపీ గొట్టం చేరని చిన్నపేగులోనూ పుండ్లు రావచ్చు, వాటినుంచి ఈ మాత్రం రక్తం పోవడం సాధ్యమే. కాబట్టి ఆ మాత్ర ఈరోజే ఆపాలి. అది డాక్టరు రాసిందా, ఊళ్ళో ఆర్‌ఎంపీ పొట్లం కట్టి ఇచ్చిందా చూడండి. పొట్లంలోది అయితే అందులో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చు, అలాంటప్పుడు ఒక్కసారిగా ఆపకుండా డాక్టరుకు చూపించి నెమ్మదిగా ఆపాలి. మోకాళ్ళకు పైన రాసుకునే జెల్, కాలేయ జబ్బు లేకపోతే పారాసెటమాల్ వాడుకోవచ్చు. గుండె కోసం ఆస్పిరిన్ ఎవరైనా రాసి ఉంటే దాన్ని మీరై మీరు ఆపకండి, గుండె డాక్టరును అడగండి. అయితే మాత్ర దొరికింది కదా, దానిదే తప్పు అని తేల్చేసి పెద్దపేగును వదిలేయడం కూడా మొలల కథ లాంటిదే. నొప్పి మాత్రలు పేగులో అప్పటికే ఉన్న కణితి నుంచి రక్తం మరింత సులువుగా కారేలా కూడా చేస్తాయి, అందువల్ల మాత్ర వాడుతున్నవాడిని చూడాల్సిన అవసరం తగ్గదు.

చేలో చెప్పులు లేకుండా తిరిగే రైతుకు కొంకిపురుగులు కూడా సాధ్యమే. అవి పేగు గోడను పట్టుకుని రక్తం పీలుస్తాయి, ఎక్కువగా ఉంటే ఇంత రక్తమూ పోతుంది. ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి డాక్టరును అడిగి వేయించండి, ఖర్చు చాలా తక్కువ. వేసిన తర్వాత ఏమవుతుందో చూద్దామని మాత్రం ఆగవద్దు.

ఇప్పుడు మీరడిగిన అసలు ప్రశ్న. మీ ముందున్న దారుల్లో మొదటిది, మళ్ళీ సూదులు వేయించి దీపావళి దాకా చూడటం. దీనివల్ల ఏం జరుగుతుందో నేను ముందే చెప్పగలను. హిమోగ్లోబిన్ పెరుగుతుంది, ఆయాసం తగ్గుతుంది, ఆయన చేనుకు వెళ్తారు, ఇంట్లో అందరికీ మీరు అనవసరంగా భయపెట్టారనిపిస్తుంది, శీతాకాలంలో అంకె మళ్ళీ పడుతుంది. కారణం మాత్రల పుండో, రక్తనాళాల మచ్చో అయితే ఈ ఆలస్యం వల్ల పెద్ద నష్టం ఉండకపోవచ్చు. కణితి అయితే నాలుగు నెలలు చేజారినట్టే, జనవరి నుంచి లెక్కిస్తే దాదాపు ఏడాది. నాలుగు కిలోల బరువు తగ్గడం కూడా పక్కన ఉంది కాబట్టి నేనైతే ఈ దారి ఎంచుకోను. పంట పనులు ఆగవని మీ అన్నగారు అనడంలో న్యాయం ఉంది. కానీ కొలనోస్కోపీకి సన్నాహంతో కలిపి పట్టేది రెండు రోజులు. రెండు మూడు వారాల్లో అనుకూలమైన రోజు చూసుకోవడానికి, నాలుగు నెలలు వాయిదా వేయడానికి చాలా తేడా ఉంది.

ఐరన్ ఇవ్వడమూ వెతకడమూ ఒకదాని తర్వాత ఒకటి చేయాల్సిన పనులు కావు, రెండూ కలిసే నడవాలి. సూదిమందు మళ్ళీ ఇవ్వవచ్చు. మాత్రలు ఎంచుకుంటే రోజుకు ఒకటి చాలు, అది పడకపోతే రోజు విడిచి రోజు. టీ, కాఫీ, పాలు దాని దగ్గరికి రానివ్వకండి. నాలుగు వారాలకు హిమోగ్లోబిన్ 2 గ్రాముల దాకా పెరగాలి. పెరగకపోతే రక్తం ఇంకా వేగంగా పోతోందని, లేదా మాత్ర ఒంటికి పట్టడం లేదని అర్థం. ఐరన్ మాత్రలు వేసుకుంటే మలం నల్లబడుతుంది, అది ఆకుపచ్చ కలిసిన నలుపు, గట్టిగానే ఉంటుంది. పైపేగుల్లో రక్తం ఎక్కువగా పోయినప్పుడు వచ్చే నలుపు తారులా నిగనిగలాడుతూ, అంటుకుంటూ, భరించలేని వాసన వేస్తుంది. ఆ రెండోది కనిపించినా, కళ్ళు తిరిగి పడినా, ఛాతీలో నొప్పి వచ్చినా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. 8.1 దగ్గర మామూలుగా రక్తం సీసా ఎక్కించాల్సిన పనిలేదు.

రెండో దారి కొలనోస్కోపీ. నేను దీనివైపే మొగ్గుతాను, కానీ అది ఏమిటో తెలియకుండా ఆయన ఒప్పుకోకూడదు. ఐరన్ మాత్రలు వేసుకుంటుంటే వారం ముందు ఆపాలి, లేకపోతే నల్లటి జిగురు పేగు గోడకు అంటుకుని కెమెరాకు ఏమీ కనిపించదు. రెండు రోజుల ముందు నుంచి రాగి సంగటి, జొన్నరొట్టె, ఆకుకూరలు, బుడ్డలు, గింజలున్న పండ్లు మానేసి తెల్లన్నం, చారు తినాలి. ముందు రోజు తేట ద్రవాలే. సాయంత్రం ఒకసారి, పరీక్ష రోజు తెల్లవారుజామున ఒకసారి, పాలీఎథిలీన్ గ్లైకాల్ పొడి నీళ్ళలో కలిపి, మొత్తం రెండు లీటర్లకు తక్కువ కాకుండా తాగించాలి. చాలామంది కష్టపడేది పరీక్ష దగ్గర కాదు, ఈ నీళ్ళు తాగడం దగ్గర. విరోచనం లేత పసుపు నీళ్ళలా తేటగా వచ్చిందంటే పేగు శుభ్రమైనట్టు. ఇంకా గోధుమరంగులో ఉంటే ఆసుపత్రికి ముందే ఫోన్ చేసి చెప్పండి, మురికి పేగులో చేసిన పరీక్ష మళ్ళీ చేయాల్సి వస్తుంది. ఆయనకు చక్కెర మందులు ఉంటే ఆ రోజు మోతాదు గురించి తప్పకుండా అడగండి. పరీక్ష అరగంట పడుతుంది, మత్తుసూది ఇస్తారు, చాలామందికి ఏమీ గుర్తుండదు. పేగుకు చిల్లుపడే ప్రమాదం ఉంది, కానీ చూడటానికి మాత్రమే చేసే పరీక్షల్లో అది వెయ్యిమందిలో ఒకరికన్నా తక్కువ. పాలిప్ కనిపిస్తే అక్కడికక్కడే తీసేస్తారు, అప్పుడు ఆ ప్రమాదం కొంచెం పెరుగుతుంది.

పరీక్ష అయ్యాక రిపోర్టులో రెండు విషయాలు చూడండి. గొట్టం పెద్దపేగు మొదలు వరకు, అంటే సీకమ్ వరకు వెళ్ళిందని రాసి ఉండాలి. పేగు ఎంత శుభ్రంగా ఉందో రాసి ఉండాలి. సగం దూరం వెళ్ళి "కనిపించినంతవరకు బాగుంది" అని రాసిన రిపోర్టు ఈ జబ్బులో కొరగానిది, మనం అనుమానించే భాగం ఆ చివరే ఉంది. పత్తికొండ నుంచి ఎక్కువ దూరం వెళ్ళాల్సిన పనిలేదు, కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో గ్యాస్ట్రోఎంటరాలజీ విభాగం ఉంది. ఏ ఆసుపత్రికి వెళ్ళినా ఏ పరీక్ష, ఏ చికిత్స ప్రభుత్వ పథకం కిందకు వస్తుందో అక్కడి ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోండి.

కొలనోస్కోపీకి ఆయన ఎంతకీ ఒప్పుకోకపోతే పెద్దపేగులోకి గాలి పంపి తీసే ప్రత్యేకమైన సీటీ స్కాన్ ఒకటి ఉంది. పెద్ద కణితులను అది బాగానే పట్టుకుంటుంది. చదునైన చిన్నవాటిని, రక్తనాళాల మచ్చలను వదిలేయవచ్చు, ఏదైనా కనిపిస్తే ముక్క తీయడానికి మళ్ళీ కొలనోస్కోపీ చేయాల్సిందే. దానికీ పేగు శుభ్రం చేసుకోవాలి. నడవలేని, గుండె బలహీనమైన వృద్ధులకు నేను దాన్ని సూచిస్తాను. చేనులో పనిచేసే 61 ఏళ్ళ మనిషికి అది రెండో ఎంపికే, ఏమీ చేయించకపోవడం కంటే మాత్రం ఎంతో నయం.

కొలనోస్కోపీ కూడా బాగుందంటే అప్పుడు తొందరపడాల్సిన పనిలేదు. నొప్పి మాత్ర ఆపి, ఐరన్ పూర్తిగా నింపి, హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చాక మరో మూడు నెలలు ఐరన్ కొనసాగించి, మూడు నెలలకోసారి అంకె చూస్తూ ఉండవచ్చు. అది నిలబడితే మాత్రల పుండ్లే కారణమని దాదాపుగా తేలినట్టే. మళ్ళీ పడితే చిన్నపేగును చూడటానికి మింగే క్యాప్సూల్ కెమెరా ఉంది. దాన్ని ఇప్పుడే చేయించడం డబ్బు వృథా.

ఇక నాన్నగారు. ఆయనను బలవంతం చేయవద్దు, మాయచేసి కూడా తీసుకువెళ్ళవద్దు. "రక్తం ఎక్కించడానికి" అని చెప్పి ఆసుపత్రికి తెచ్చి పరీక్ష బల్ల ఎక్కించిన కుటుంబాలను చూశాను. ఆ తర్వాత నిజంగా చికిత్స అవసరమైనప్పుడు ఆ పెద్దవాళ్ళు ఇంట్లో ఎవరి మాటా నమ్మలేదు. ఆయన ససేమిరా అనడం వెనక బహుశా రెండు విషయాలు ఉంటాయి. ఒకటి సిగ్గు. మగ డాక్టరు ఉంటారా, ఒంటిమీద ఏం కప్పుతారు, లోపల ఎవరెవరు ఉంటారు అన్నది మీ అన్నగారిని అడిగించి, ఆయనకు వివరంగా చెప్పించండి. కూతురితో ఆ మాటలు ఆయన మాట్లాడలేరు, అన్నగారి అవసరం ఇక్కడే ఉంది. రెండోది, ఏదైనా దొరికితే పొట్టకు సంచి తగిలిస్తారన్న భయం. కుడివైపు పెద్దపేగులో కణితి దొరికినా, ఆ భాగం తీసి మామూలుగా అదే ఆపరేషన్‌లో చిన్నపేగును మిగిలిన పెద్దపేగుతో కలిపేస్తారు, శాశ్వతంగా సంచి అవసరం పడటం అరుదు. కణితి పేగు గోడ దాటకముందే తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది ఐదేళ్ళ తర్వాత కూడా బతికి ఉంటారు. గ్రంథుల్లోకి పాకాక ఆ సంఖ్య తగ్గుతుంది. ఈ మాటలు ఆయన ముందు డాక్టరుగారే చెబితే మరీ మంచిది, ఆ పది నిమిషాల కోసం ఒకసారి విడిగా సమయం అడగండి.

అన్నీ విన్నాక కూడా ఆయన వద్దంటే అది ఆయన నిర్ణయం, అది మీ తప్పు కాదు. అప్పుడు కనీసం మాత్ర ఆపడం, ఐరన్ వేసుకోవడం, నెలకోసారి హిమోగ్లోబిన్ చూడటం, మళ్ళీ ఎంతకు పడితే పరీక్షకు వస్తారో ఆయన నోటితోనే ఒక అంకె చెప్పించుకోవడం చేయండి. చాలామంది పెద్దవాళ్ళు ఒకరి మాటకు లొంగరు గానీ తాము ఇచ్చిన మాటకు కట్టుబడతారు.

దానికి ముందు ఒక పని చేసి చూడండి. ఏడాది పొడవునా విత్తనం, ఎరువు, కూలి లెక్కలు రాసుకునే మనిషి ఆయన. ఈ ఆదివారం ఊరికి వెళ్ళినప్పుడు ఆయన లెక్కల పుస్తకంలోనే ఒక కొత్త పేజీ తీసి, ఆయన చేతికే పెన్ను ఇచ్చి, జనవరిలో వచ్చిన ఐరన్ 1000, జులైలో మిగిలినది 73 అని రాయించండి. మిగతాది ఎటు పోయి ఉంటుందో ఆయననే అడగండి.